గాల్లో ఆగినా బీట్ మీదే దిగాలి

డ్యాన్సర్ పరుగెత్తుకొచ్చి ఎగురుతాడు. గాల్లో ఉండగా స్లో మోషన్, కాలు నేలకు తగిలేసరికి మళ్లీ మామూలు వేగం. ఇలా ఒకే షాట్‌లో వేగం మార్చడమే స్పీడ్ ర్యాంప్. ఫోన్ యాప్‌లోనూ చేసేయొచ్చు. చిక్కల్లా పాటతోనే. దృశ్యం ఎంత సాగినా పాట ఆగదు కదా.

నిమిషానికి 100 బీట్ల పాట అనుకోండి. బీట్‌కీ బీట్‌కీ మధ్య 0.6 సెకను. డ్యాన్సర్ ఒక బీట్ మీద ఎగిరి, తర్వాతి బీట్ మీద దిగాడు. అందులో నడిమి 0.3 సెకనును పావు వేగానికి తగ్గిస్తే 1.2 సెకన్లవుతుంది. మిగిలిన 0.3 కలిపితే 1.5. అంటే రెండున్నర బీట్లు. పాదం ఎటూ కాకుండా పడుతుంది. చూసేవాళ్లకు కారణం తెలియదు గానీ ఏదో తేడా కొడుతుంది. అదే 0.4 సెకనును స్లో చేస్తే 1.6, మిగిలిన 0.2తో కలిపి 1.8. సరిగ్గా మూడు బీట్లు.

అక్కడితో అయిపోదు. ఒక బీట్‌లో ముగియాల్సిన ఎగురుడు మూడు బీట్లు తినేసింది. తర్వాతి స్టెప్పులన్నీ రెండేసి బీట్లు వెనకబడతాయి. ఆ రెండూ ముందే మిగుల్చుకోవాలి. అంతకుముందు పరుగు నాలుగు బీట్లుంటే, రెట్టింపు వేగంతో రెండింటిలో ముగించేయండి. లెక్క సరిపోతుంది, పైగా జోరు తర్వాత వచ్చే నెమ్మది ఇంకా బాగా తెలుస్తుంది. వేగం మారేచోట కుదుపు రాకుండా కర్వ్ పెడితే నిడివి కొంచెం మారుతుంది కాబట్టి, పాదం తాకే ఫ్రేమ్ బీట్ మీదే ఉందో లేదో చివర్లో మళ్లీ చూసుకోవాలి. దిగడాన్ని మాత్రం స్లో చేయకండి. ఆ దెబ్బలో బలమంతా దాని వేగంలోనే ఉంది.

ఇదంతా సెకనుకు 120 ఫ్రేములతో తీసి, 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పెట్టినప్పటి మాట. 30తోనే తీస్తే పావు వేగంలో ఒక్కో ఫ్రేమ్ నాలుగుసార్లు కనపడి బొమ్మ తడబడుతుంది. మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్ కల్పిస్తే, ముఖం మీదుగా చెయ్యి వెళ్లేటప్పుడు వేళ్లు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఇండోర్ స్టేడియంలో ఇంకో తలనొప్పి: మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 120తో తీస్తే ఆ మినుకు స్లో మోషన్‌లో బయటపడుతుంది. కెమెరాలో ఉంటే 100 ఫ్రేములు, 1/100 షట్టర్ వాడి, 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పెట్టడం మేలు.

రివర్స్‌ను పొదుపుగా వాడాలి. ఎగిరి దిగే ఒంటిని వెనక్కి తిప్పినా అంతగా తెలియదు. లేచిన దుమ్ము మళ్లీ పాదం కిందికి చేరితే మాత్రం గుట్టు రట్టవుతుంది. క్రికెట్‌లో ఎగిరిన బెయిల్స్ వచ్చి వికెట్ల మీద కూర్చోవడం నవ్వించడానికైతే సరే.