‘చూసి చెప్పండి’ అంటే ఎవరు చూస్తారు?

హైదరాబాద్‌లోని ఒక ఆఫీసు అనుకుందాం. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారడానికి ఒక ఉద్యోగిని వారం పాటు కూర్చుని తొమ్మిది పేజీల ప్రణాళిక రాశారు. మంగళవారం ఉదయం ఇరవై మంది ఉన్న టీమ్ ఛానల్‌లో లింకు పెట్టి, “అందరికీ నమస్తే. డ్రాఫ్ట్ పెట్టాను. వీలైనప్పుడు చూసి చెప్పండి” అన్నారు. సాయంత్రానికి మూడు బొటనవేలి గుర్తులు, ఒక ‘సూపర్’ వచ్చాయి. ఆ తర్వాత ఛానల్‌లో అలికిడి లేదు. తీరా మారే రోజు దగ్గరపడ్డాక ఫైనాన్స్ నుంచి ఫోన్: “నెలాఖరు బిల్లుల సమయంలో సిస్టమ్ ఆపేస్తే ఎలాగండీ? ముందే ఒక మాట అడగొచ్చు కదా!”

ఆమె అడగకపోలేదు. అందరినీ అడిగారు, అక్కడే చిక్కు వచ్చింది.

1968లో జాన్ డార్లీ, బిబ్ లతానే అనే మనస్తత్వవేత్తలు న్యూయార్క్‌లో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల ద్వారా మాట్లాడించారు. మధ్యలో ఒక గొంతు తనకు మూర్ఛ వస్తోందని తడబడుతుంది. అది ముందే రికార్డు చేసినదని వినేవారికి తెలియదు. ఆ మాట తానొక్కరే వింటున్నానని అనుకున్నవారిలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగేలోపే సాయం కోసం బయటికి వచ్చారు. తనతో పాటు మరో నలుగురు వింటున్నారని అనుకున్నవారిలో మాత్రం 31 శాతమే కదిలారు. మిగిలినవారికి మనసు లేక కాదు, చాలామంది ఆందోళన పడుతూనే ఉన్నారు. ఎవరో ఒకరు వెళ్లే ఉంటారులే అన్న ఆలోచన వాళ్లను కూర్చోబెట్టింది.

టీమ్ ఛానల్ కూడా వేర్వేరు గదుల్లో కూర్చుని ఒకే గొంతు వినడం లాంటిదే. పక్కవాళ్లు చదివారో లేదో కనిపించదు. స్లాక్‌లో `@channel` అని కొడితే సభ్యులందరికీ, `@here` అని కొడితే ఆ సమయానికి చురుగ్గా ఉన్నవారికి కబురు వెళ్తుంది. గంట గట్టిగా మోగుతుంది తప్ప, ఎవరి కోసం మోగిందో మాత్రం తేలదు. మన పెళ్లిళ్లలో చూడండి. వీధి వీధంతా రండని ఒక కేక వేసి ఊరుకోరు, ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తారు. ఛానల్‌లో పేరు పెట్టి అడగడం అలాంటిదే.

ఇదే ఉద్యోగిని అదే సందేశాన్ని మళ్లీ రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం. అసలు సందేశంలో హోదాలున్న చోట పేర్లు ఉంటాయి.

“బిల్లింగ్ మార్పు ప్రణాళిక డ్రాఫ్ట్ ఇది. ముగ్గురి సాయం కావాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. ఫైనాన్స్ లీడ్ గారూ, 4వ పేజీ: జూన్ 27 శనివారం రాత్రి సిస్టమ్ ఆపితే నెలాఖరు బిల్లులకు అడ్డమా? అయితే ఏ రోజు కుదురుతుంది? సపోర్ట్ లీడ్ గారూ, 6వ పేజీ: కస్టమర్లకు పంపే ఈ సందేశం చదివి వాళ్లు ఫోన్ చేసి ఏం అడుగుతారు? న్యూజెర్సీలోని డేటా ఇంజనీర్ గారూ, 7వ పేజీ: ఏదైనా తేడా వస్తే పాత సిస్టమ్‌కు తిరిగి వెళ్లడానికి 4 గంటలు చాలా? భాష, అచ్చుతప్పులు ఇప్పుడు వద్దు, వాటిని చివర్లో సరిచేస్తాను. జూన్ 11 గురువారం సాయంత్రం 6 గంటలలోపు (న్యూజెర్సీలో ఉదయం 8.30) చెప్పండి. శుక్రవారం దిద్ది, సోమవారం డైరెక్టర్ గారికి పంపాలి. మిగతావారు చదివితే సంతోషమే, తప్పనిసరి కాదు.”

ముందు ప్రశ్నలు చూడండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అని వస్తుంది. ఆ ప్రశ్నకు మర్యాదైన జవాబు అదొక్కటే. ‘శనివారం ఆపితే అడ్డమా?’ అంటే అవును, కాదు అని ఫోన్‌లోనే చెప్పేయొచ్చు. పేజీ నంబరు ఉంది కాబట్టి తొమ్మిది పేజీలూ తిరగేయనక్కర్లేదు. ఏం చూడొద్దో చెప్పడమూ అంతే ముఖ్యం. చెప్పకపోతే చదివేవారి కన్ను కామాల మీదికే పోతుంది, ఎందుకంటే అవి సులువుగా దొరికే తప్పులు. ఇరవై కామాలు సరిచేశాక తేదీయే తప్పని తేలితే, ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఇక గడువు. మన ఆఫీసుల్లో ‘ఈఓడీ’ అనే మాట బాగా నలిగింది. శుక్రవారం ఈఓడీ అంటే హైదరాబాద్‌లో సాయంత్రం ఆరు కావచ్చు. న్యూజెర్సీలో సాయంత్రం అయిదు అయ్యేసరికి, వేసవి కాలమానంలో మనకు శనివారం తెల్లవారుజామున రెండున్నర. అందుకే రోజు, తేదీ, గంట, ఏ ఊరి గంటో రాయాలి. గడువు ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాలి. సోమవారం పైకి వెళ్లాలని తెలిస్తే గురువారం ఎందుకన్నారో ఎవరికీ అడగాల్సిన పని ఉండదు. దిద్దడానికి తనకొక రోజు మిగుల్చుకోవడం కూడా గడువులో భాగమే. మరీ దగ్గర గడువు పెట్టి ప్రతిసారీ ‘అర్జెంట్’ అంటే, మూడోసారికి ఆ మాటను ఎవరూ లెక్కచేయరు. జవాబు రానివారికి బుధవారం మధ్యాహ్నం విడిగా ఒక మాట గుర్తుచేస్తే చాలు, ఛానల్ మొత్తాన్ని మళ్లీ లేపక్కర్లేదు.

గడువు దాటినా జవాబు రాకపోతే? దీనికి అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతిపాదన పెట్టి సాధారణంగా 72 గంటలు ఆగుతారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ప్రపంచంలో ఏ మూలనున్నవారికైనా చూసే వీలుండాలనే ఆ మూడు రోజులు. మన ఉద్యోగిని కూడా “6వ పేజీపై మాట రాకపోతే ఇలాగే ఉంచుతాను” అని ముందే రాయొచ్చు. కానీ 4వ పేజీకి ఇది పనికిరాదు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, డబ్బు, చట్టం, వెనక్కి తీసుకోలేని పని ఉన్నచోట మౌనాన్ని సంతకంగా లెక్కేయకూడదు. అక్కడ ఫైనాన్స్ లీడ్ ‘సరే’ అనేదాకా వెంటపడాల్సిందే.

చిన్న విషయమే గానీ సగం ఆలస్యాలకు కారణమయ్యేది ఇంకొకటి ఉంది. గూగుల్ డాక్స్‌లో లింకు పంపినా అనుమతి ఇవ్వకపోతే, తెరిచినవారికి `Request access` అనే తెర కనిపిస్తుంది. `Viewer` అని పెడితే చదవగలరు గానీ వ్యాఖ్య రాయలేరు. అభిప్రాయం కోసమైతే `Commenter` సరైనది. మన వాక్యాలను ఎవరూ నేరుగా మార్చేయలేరు, చెప్పదలచింది పక్కన రాస్తారు. పంపే ముందు ముగ్గురికీ ఈ అనుమతి ఉందో లేదో `Share` నొక్కి ఒకసారి చూసుకోవాలి.

చివరిగా, గురువారం జవాబులు వచ్చాక పని ఇంకా ఉంటుంది. ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు తీసుకోలేదో శుక్రవారం అదే సందేశం కింద రెండు వాక్యాలు రాయాలి: “ఫైనాన్స్ మాట ప్రకారం తేదీ జూలై 11కి మార్చాను. తిరిగి వెళ్లే సమయం 4 గంటల నుంచి 6కి పెంచాను.” తమ మాట ఎక్కడికి చేరిందో తెలిసినవారు, వచ్చే నెల ఇంకో డ్రాఫ్ట్ పెట్టినప్పుడు పేరు చూడగానే తెరుస్తారు.