డైనింగ్ టేబుల్ ఆపేసిన బేరం

అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతపు బిల్డర్ ఒకరు 1,20,000 నుంచి 2,00,000 డాలర్ల మధ్య ధరలో ఫ్లాట్లు కట్టారు. పిల్లలు స్థిరపడ్డాక పెద్ద ఇల్లు భారమనుకునే రిటైరైనవాళ్లూ, విడాకులు తీసుకున్న తల్లులూ తండ్రులూ కొంటారని అంచనా. చూడ్డానికి చాలామందే వచ్చారు. కొన్నది మాత్రం కొద్దిమంది. ఇంకా ఏముంటే బాగుంటుందని కొందరిని కూర్చోబెట్టి అడిగితే, ముందుకు పొడుచుకొచ్చే పెద్ద కిటికీలు బాగుంటాయన్నారు. అవీ పెట్టించారు. అమ్మకాలు కదల్లేదు.

అప్పుడు బాబ్ మోయెస్టా అనే సలహాదారు వచ్చి, కొనబోయేవాళ్లను వదిలేసి, ఇప్పటికే కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఇలాంటి ఇంటర్వ్యూలో 'ఎందుకు కొన్నారు?' అని సూటిగా అడగరు. అలా అడిగితే ఎవరైనా ధర, నాణ్యత, నమ్మకం అని మర్యాదైన జవాబే చెబుతారు. దాని బదులు జరిగింది జరిగినట్టు చెప్పించాలి. మారాలన్న ఆలోచన మొదట ఎప్పుడొచ్చింది? ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది? ఎవరు వద్దన్నారు? చూసొచ్చాక ఎన్నాళ్లు ఊరుకున్నారు, మళ్లీ ఎందుకు కదిలారు? కొని ఎక్కువ కాలం కాని వాళ్లయితేనే ఇవన్నీ గుర్తుంటాయి.

ఆ కబుర్లలో డైనింగ్ టేబుల్ మాటిమాటికీ వచ్చింది. దాన్ని ఏం చేయాలో తేలాకే ఇల్లు మారగలిగామని చాలామంది చెప్పారు. పాతబడిన బల్లకు అంత పట్టింపు ఏమిటో మోయెస్టాకు మొదట అంతుపట్టలేదు. క్రిస్మస్‌కు తన కుటుంబంతో బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు తట్టింది: పుట్టినరోజులు, పండగలు, పిల్లల హోంవర్కు అన్నీ దాని మీదే జరిగాయి. దాన్ని వదులుకోవడమంటే ఆ ఇంటి కాపురాన్నే వదులుకోవడం.

అంటే ఫ్లాటుకు అసలు పోటీ పక్క బిల్డర్ కాదు, 'ఇప్పుడెందుకులే, ఉన్నచోటే ఉందాం' అన్న ఆలోచన. ఈ పద్ధతిలో కొనుగోలును ఒక 'పని' కోసం చేసే నియామకంగా చూస్తారు. పాత ఇంటి ఇబ్బంది బయటికి నెడుతుంది, కొత్తదాని ఆకర్షణ లాగుతుంది. అలవాటూ భయమూ మాత్రం వెనక్కి పట్టి ఉంచుతాయి. కిటికీలు ఆకర్షణను పెంచాయే గానీ భయాన్ని తగ్గించలేదు.

బిల్డర్ రెండో పడకగదిని 20 శాతం కుదించి బల్లకు చోటిచ్చారు. సామాను తరలింపు, రెండేళ్ల పాటు దాచుకునే వసతి, ఏది ఉంచుకోవాలో నింపాదిగా ఏరుకోవడానికి ఒక గది కూడా జతచేశారు. ఇన్ని చేసి ధరను 3,500 డాలర్లు పెంచారు, తగ్గించలేదు! 2007 నాటికి ఈ రంగంలో అమ్మకాలు 49 శాతం పడిపోగా, వీళ్ల వ్యాపారం 25 శాతం పెరిగింది.

ఈ పద్ధతికో లోటుంది. పదీ పన్నెండు కథలు కారణాన్ని చూపిస్తాయి గానీ, ఆ కారణం ఎంతమందిదో చెప్పలేవు. అది తేలాలంటే తర్వాత సర్వే చేయాల్సిందే. పైగా కొన్నవాళ్లు ఆ భయాన్ని దాటినవాళ్లు. ఫ్లాటు చూసి వెనుదిరిగిన ఇద్దరు ముగ్గురితోనూ మాట్లాడితే, ఎక్కడ ఆగిపోయారో వాళ్ల నోటే వినొచ్చు.