ముక్లుక్‌లో చమురు ఏమైంది?

1983 చలికాలంలో అలాస్కా ఉత్తర తీరానికి ఆవల, బోఫోర్ట్ సముద్రంలో కంకర పోసి కట్టిన చిన్న దీవి మీద ఒక బావి తవ్వారు. దాని పేరు ముక్లుక్. అక్కడి సముద్రగర్భంలో తవ్వే హక్కుల కోసం చమురు కంపెనీలు ముందటి ఏడాది వేలంలో 150 కోట్ల డాలర్లకు పైగా పోశాయి. డిసెంబరులో ఫలితం తేలింది. బావిలో పడింది ఉప్పునీరు. రాతికి మాత్రం చమురు మరకలు అంటుకుని ఉన్నాయి.

సీస్మిక్ చిత్రం ఇక్కడ తప్పు చెప్పలేదు. అది చూపించిన నిర్మాణం నిజంగానే ఉంది, వెతుకుతున్న ఇసుకరాయి కూడా తగిలింది. అందుకే పెట్రోలియం జియాలజీ విద్యార్థికి ఈ బావి మంచి పాఠం. సీస్మిక్ డేటా ఎక్కడి దాకా తీసుకెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఇందులో కనిపిస్తుంది.

సముద్రం మీద సర్వే చేసేటప్పుడు ఓడ వెనక కట్టిన ఎయిర్‌గన్లు కొన్ని సెకన్లకోసారి గాలిని ఒక్కసారిగా వదులుతాయి. ఆ శబ్దం నేల పొరల్లోకి దిగుతుంది. రాతిలో ధ్వని వేగాన్ని దాని సాంద్రతతో గుణిస్తే వచ్చే విలువ ఒక పొర నుంచి మరో పొరకు మారిన చోటల్లా కొంత శబ్దం వెనక్కి తిరుగుతుంది. ఓడ లాగే పొడవాటి కేబుల్‌లోని హైడ్రోఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. వేలాది ప్రతిధ్వనులను శుద్ధి చేసి పక్కపక్కన పేరిస్తే భూమిని నిలువునా కోసినట్టు ఒక చిత్రం వస్తుంది. అయితే అందులో కిందికి పోయేకొద్దీ పెరిగేది లోతు కాదు, కాలం. శబ్దం వెళ్లి రావడానికి పట్టిన సెకన్లు.

కాబట్టి మొదటి పని ఏ గీత ఏ రాయిదో తేల్చుకోవడం. దగ్గర్లో ఇప్పటికే తవ్విన బావి ఉంటే దాని సోనిక్ లాగ్, డెన్సిటీ లాగ్ తీసుకుని, ఆ రాళ్ల నుంచి ఎలాంటి ప్రతిధ్వని రావాలో లెక్కగట్టి ఒక కృత్రిమ ట్రేస్ తయారు చేస్తారు. దీన్ని సింథటిక్ సీస్మోగ్రామ్ అంటారు. దాన్ని అసలు సీస్మిక్ చిత్రం పక్కన పెట్టి కాస్త పైకీ కిందికీ జరిపి చూస్తే ఏ శిఖరం ఏ షేల్‌ది, ఏ లోయ ఏ ఇసుకరాయిది అన్నది కుదురుతుంది.

తర్వాత ఆ గీతను లైన్ వెంట లైన్ గుర్తిస్తూ పోవాలి. రెండు లైన్లు అడ్డంగా కలిసే చోట ఒకే గీత ఒకే కాలం చూపాలి. చూపకపోతే మధ్యలో ఎక్కడో ఒక ఫాల్ట్ దాటేటప్పుడు పక్క గీత మీదికి జారిపోయామని అర్థం. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి సరిచూసుకోవడం అందుకే.

ముక్లుక్ కథకు మూలం సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ప్రుడో బే. 1968లో అక్కడ ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద చమురు క్షేత్రం బయటపడింది. అక్కడ ఇసుకరాయి పొరలు కాస్త వాలి ఉన్నాయి. వాటి ఎగువ అంచులు ఎప్పుడో కోతకు గురయ్యాయి. ఆ తర్వాత క్రెటేషియస్ కాలపు షేల్ వాటి మీద పరుచుకుని మూతలా నిలిచింది. సీస్మిక్ చిత్రంలో దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఏటవాలుగా పైకి వస్తున్న గీతలు ఒక గీత దగ్గర తెగిపోతాయి, దాని పైన ఉన్నవి మరో వాలుతో సాఫీగా సాగిపోతాయి. ఆ కోత ఉపరితలమే అన్‌కన్ఫార్మిటీ. ముక్లుక్ కింద కూడా అలాంటి అమరికే, చాలా పెద్దదిగా కనిపించింది.

చిక్కు కాలాన్ని లోతుగా మార్చే దగ్గర మొదలవుతుంది. బోఫోర్ట్ తీరంలో సముద్రం అడుగున కూడా కొన్నిచోట్ల నేల గడ్డకట్టి ఉంటుంది. గడ్డకట్టిన నేలలో ధ్వని వేగం చాలా ఎక్కువ. ఉదాహరణకు 200 మీటర్ల మందం ఉన్న మామూలు మట్టిలో వేగం సెకనుకు 1,800 మీటర్లనుకుందాం. రానూపోనూ 0.22 సెకన్లు పడుతుంది. అదే గడ్డకట్టి వేగం 3,600 మీటర్లయితే 0.11 సెకన్లే. అంటే దాని కింద ఉన్న ప్రతి పొరా 0.11 సెకన్లు ముందుగా కనిపిస్తుంది. కింది రాళ్లలో వేగం 3,000 మీటర్లయితే, ఆ తేడా దాదాపు 165 మీటర్ల ఎత్తున్న లేని గుట్టను సృష్టిస్తుంది. పైన గడ్డకట్టిన పాచ్, కింద గుట్ట, రెండూ ఒకే ఆకారంలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయా, లోతుకు పోయినా ప్రతి పొరలోనూ అదే ఉబ్బు పునరావృతమవుతోందా అని చూస్తే ఈ మోసం బయటపడుతుంది.

లోతు పటం సిద్ధమయ్యాక కాంటూర్లు గీసి, తమలో తాము మూసుకునే చివరి కాంటూర్ ఏదో చూస్తారు. ట్రాప్‌ను బోర్లించిన గిన్నెలా ఊహించుకోవచ్చు. నీటికన్నా తేలికైన చమురు దాని లోపల పైకి చేరుతుంది. గిన్నె అంచులో అన్నిటికన్నా ఎత్తున ఉన్న చోటే స్పిల్ పాయింట్, చమురు అక్కడి దాకా నిండితే పక్కకు జారిపోతుంది. శిఖరం 2,300 మీటర్ల దగ్గర, స్పిల్ పాయింట్ 2,450 మీటర్ల దగ్గర ఉంటే క్లోజర్ 150 మీటర్లు. పై లెక్కలోని 165 మీటర్ల పొరపాటు ఈ ట్రాప్ మొత్తాన్నీ మాయం చేయగలదు.

మరి గిన్నెలో ఏముందో సీస్మిక్ చెప్పదా? కొన్నిచోట్ల చెబుతుంది. కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రంలో, కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో గ్యాస్ దొరికింది ఇలాంటి లేత, వదులైన ఇసుక పొరల్లోనే. అలాంటి ఇసుకలో నీటి స్థానంలో గ్యాస్ చేరితే ధ్వని వేగం బాగా పడిపోతుంది, ప్రతిధ్వని బలపడి ఆ చోటు చిత్రంలో మెరుస్తుంది. ఇంటర్‌ప్రెటర్లు దాన్ని బ్రైట్ స్పాట్ అంటారు. అయినా కొద్దిపాటి గ్యాస్ కూడా దాదాపు అంతే మెరుపునివ్వగలదు. ముక్లుక్‌లో లాంటి పాత, గట్టి ఇసుకరాళ్లలో చమురు చేసే మార్పు ఇంకా చిన్నది, కాబట్టి మెరుపు మీద ఆధారపడే వీలు తక్కువ. నిర్మాణం ఆకారమే ప్రధాన ఆధారం.

రాతికి అంటిన మరకలను బట్టి చమురు ఒకప్పుడు ఆ గిన్నెలోకి వచ్చిందని తేలింది. తర్వాత అది ఎలా పోయిందన్న దానికి భూవిజ్ఞానులు రెండు కారణాలు చెబుతారు. ఒకటి, పై మూత ఎక్కడో బలహీనపడి చమురు కారిపోయి ఉండాలి. రెండోది, ఆ ప్రాంతమంతా తర్వాతి కాలంలో ఒకవైపుకు వాలి, గిన్నె ఒరిగి, అంచు మీదుగా చమురు వేరేచోటికి తరలి ఉండాలి. సీస్మిక్ సర్వే చూపేది ఈనాటి ఆకారాన్నే. చమురు పుట్టి కదిలిన రోజున ఆ గిన్నె ఎలా ఉందో అందులో నేరుగా కనిపించదు.

కొంతవరకు కనిపెట్టే పద్ధతి మాత్రం ఉంది. ట్రాప్ పైన ఉన్న చిన్న వయసు పొర ఒకదాన్ని ఎంచుకుని, అది నిక్షిప్తమైనప్పుడు చదునుగా ఉందని అనుకుని, చిత్రం మొత్తాన్ని ఆ పొర చదునయ్యేదాకా నిలువుగా సర్దుతారు. అప్పుడు దాని కింది నిర్మాణం ఆ నాటి ఆకారంలో కనిపిస్తుంది. ఇలా ఒక్కో పొరనూ చదును చేస్తూ వెనక్కి పోతే క్లోజర్ ఎప్పుడు ఏర్పడిందో, ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తరిగిందో అంచనా వేయవచ్చు. ఆ తేదీలను సోర్స్ రాక్ నుంచి చమురు బయటికి వచ్చిన కాలంతో పోల్చి, మూతగా ఉన్న షేల్‌ను ఫాల్ట్‌లు ఎక్కడైనా కోశాయా అని లైన్ లైన్‌కూ పరిశీలించాక గానీ ఆ ట్రాప్‌లో చమురు ఉండే అవకాశం ఎంతో అంకె వేయరు.