శేరు బెల్లం, నలభై లడ్డూలు

మచిలీపట్నం ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున దొరికిన చీటీకి ఫోటో తీసి, కింద ‘స్కేల్’ అని ఒక్క మాట రాసి, వంట తెలిసిన బంధువుకు పంపారనుకుందాం. ఎంతకు పెంచాలో చెప్పలేదు. పంపినవారి దృష్టిలో అది చెప్పాల్సినంత విషయం కాదు.

చీటీ బందరు తొక్కుడు లడ్డుది. శనగపిండి ముద్దను జంతికల గొట్టంలో వత్తి, నేతిలో వేయించి, దంచి, జల్లించి, ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచి ఉండలు కడతారు. రాసినావిడకు ఇదంతా తెలుసు కాబట్టి చీటీలో ఒక్క ముక్కా లేదు. ఉన్నవి అయిదే: శ.పిండి 1 శే, బెల్లం 1 శే, నెయ్యి ‘01’ శే, ఏలకులు 1 తు, మూలన ‘40 అయినవి’.

ముందు ఆ ‘01’ సంగతి. ఒకటి రాయడానికి ముందు సున్నా పెట్టే అలవాటు మన పెద్దలకు లేదు. పాత లెక్కల్లో నిలువు గీత ఒకటుంటే పావు, రెండుంటే అర, మూడుంటే ముప్పావు. కాబట్టి సున్నా పక్కనున్నది అంకె కాదు, గీత. నెయ్యి పావు శేరు. దాన్ని ఒకటిగా చదివితే నెయ్యి నాలుగింతలవుతుంది. తినేవారెవరూ ఫిర్యాదు చేయకపోవచ్చు గానీ ఉండ నిలవదు.

ఇక శేరు. కోస్తాలో వీశెకు అయిదు శేర్లు, శేరుకు 24 తులాలు. తులం 11.66 గ్రాములు కనుక ఈ శేరు సుమారు 280 గ్రాములు. 1939 నాటి తూనికల చట్టం దేశానికంతటికీ శేరును 80 తులాలుగా ఖరారు చేసింది. అది 933 గ్రాములు. చట్టం వచ్చిందని పాత శేరు వెంటనే ఊరు విడిచి వెళ్లలేదు. గింజలు కొలిచే పాత్రనూ శేరే అనేవారు. అయితే అచ్చుబెల్లాన్ని పాత్రతో కొలవడం ఎవరివల్లా కాదు, అందుకే ఇక్కడ శేరు తూకమే అనుకోవచ్చు. మరి రెండు తూకాల్లో ఏది?

జవాబు మూలనున్న నలభైలో ఉంది. చిన్న శేరైతే పిండి 280, బెల్లం 280, నెయ్యి 70, మొత్తం 630 గ్రాములు. దాన్ని నలభై చేస్తే లడ్డు పదహారు గ్రాములు. రేగుపండంత లడ్డు చేసి పంచే ధైర్యం కృష్ణా జిల్లాలో ఎవరికీ ఉండదు. పెద్ద శేరైతే 933, 933, 233, మొత్తం సుమారు 2,100 గ్రాములు, లడ్డు 52 గ్రాములు. వేయించేటప్పుడు పీల్చిన నెయ్యితో మరికాస్త. ఇది లడ్డు.

ఏలకులూ అదే చెబుతున్నాయి. రెండు కిలోలకు తులం ఏలకులు సరిపోతాయి. అరకిలో పైచిలుకుకు అంతే వేస్తే అది లడ్డు కాదు, కషాయం. రెండు సాక్ష్యాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి గనుక శేరంటే 933 గ్రాములని తేల్చుకోవచ్చు. చీటీలో ‘40’ లేకపోతే ఇంత నిబ్బరంగా చెప్పలేం. అప్పుడు పావు వంతు సరుకుతో ఒక వాయి చేసి, ఉండలు లెక్కపెట్టి చూడడమే దారి.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఎన్ని లడ్డూలు కావాలి? గుడివాడలో నిశ్చితార్థం, నూట యాభై అన్నారనుకుందాం. 150ని 40తో భాగిస్తే 3.75. పిండి మూడున్నర కిలోలు, బెల్లం మూడున్నర కిలోలు, కలిపే నెయ్యి 875 గ్రాములు, ఏలకులు 44 గ్రాములు. శేరు లెక్క ఇంత గుండ్రంగా కిలోల్లోకి రావడం కేవలం అదృష్టం. దాన్ని పూర్వీకుల విజ్ఞానంగా ప్రచారం చేయనవసరం లేదు.

వేయించే నెయ్యి ఈ హెచ్చవేతకు లొంగదు. అది మూకుడు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అందుకే చీటీలో దాని ఊసే లేదు. అదే మూకుడులో ఎక్కువ వాయిలు వేస్తాం, తగ్గినప్పుడల్లా కొంచెం పోస్తాం. వేయించేదాన్నీ 3.75తో హెచ్చవేస్తే కొనాల్సింది మరో మూకుడు.

పాకం అంతకన్నా మొండిది. నాలుగింతల బెల్లానికి నాలుగింతల సమయం పట్టదు, అంతే సమయమూ పట్టదు. నీరు ఆవిరయ్యే వేగం గిన్నె వెడల్పు మీద, మంట మీద ఆధారపడుతుంది. కాబట్టి గడియారం పక్కన పెట్టి, చన్నీళ్లలో చుక్క వేసి చూడాలి. కరిగిపోతే లేతది, వేళ్ల మధ్య మెత్తగా ఉండ కడితే చాలు, గిన్నెకు తగిలి ఠంగుమంటే ముదిరింది. పైగా మూడున్నర కిలోల పాకం దించాక కూడా వేడి వదలదు, దానంతటది ఇంకా ముదురుతుంది. దంచే చేతులు మాత్రం రెండే. అందుకే ఒక్కసారిగా కాకుండా నాలుగు పాకాలు పట్టాలి, ఒక్కోదానికి 875 గ్రాముల బెల్లం. ఆ కొలత చీటీలోని శేరుకు కొంచెం తక్కువ. అంటే నూట యాభై లడ్డూలకు చేయాల్సింది దాదాపుగా చీటీలో ఉన్నదే, నాలుగుసార్లు.