ఆడిట్ నాటికి పుట్టించలేని కాగితాలు

ఆగస్టు వస్తే చిన్న వ్యాపారుల ఇళ్లలో ఫైళ్ల వేట మొదలవుతుంది. ఆడిటర్ ఫోన్ చేసి బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, 26ఏఎస్ పంపమంటారు. నిజానికి వీటి కోసం కంగారు పడనక్కర్లేదు. అవి బ్యాంకు దగ్గరా, ప్రభుత్వ పోర్టళ్లలోనూ భద్రంగా ఉంటాయి, ఏ రోజైనా దింపుకోవచ్చు. ఏ రోజు పని ఆ రోజే రాసి పెట్టకపోతే తర్వాత ఎంత డబ్బు పోసినా దొరకని కాగితాలు కొన్ని ఉన్నాయి. పన్ను ఆడిట్‌లో చిన్న వ్యాపారి నష్టపోయేది ఎక్కువగా అక్కడే. మిర్యాలగూడ చుట్టుపక్కల కనిపించే ఒక మామూలు బియ్యం మిల్లును ఊహించుకుని, ఆ కాగితాలేమిటో చూద్దాం.

ముందు ఈ ఆడిట్ ఎవరికో చెప్పుకోవాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం 44ఏబీ సెక్షన్ ప్రకారం, ఏడాది అమ్మకాలు కోటి రూపాయలు దాటిన వ్యాపారి చార్టర్డ్ అకౌంటెంటుతో లెక్కలు ఆడిట్ చేయించాలి. వచ్చిన డబ్బులో నగదు 5 శాతం మించకుండా, ఇచ్చిన డబ్బులోనూ నగదు 5 శాతం మించకుండా ఉంటే ఈ హద్దు 10 కోట్లకు పెరుగుతుంది. 2 కోట్ల లోపు వారికి అంచనా లాభం చూపించి బయటపడే మరో దారి ఉంది. మన మిల్లు అమ్మకాలు సుమారు 5 కోట్లు. రైతులకు ధాన్యం డబ్బు నగదుగా ఇస్తుంది కాబట్టి 5 శాతం హద్దు ఎప్పుడో దాటిపోయింది. అందుకే 10 కోట్ల వెసులుబాటు దానికి లేదు, ఆడిట్ తప్పదు. నివేదిక మామూలుగా సెప్టెంబరు 30లోగా దాఖలు కావాలి. చేయకపోతే జరిమానా అమ్మకాల్లో అర శాతం లేదా లక్షన్నర, ఏది తక్కువైతే అది. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, 2026 మార్చి 31తో ముగిసిన సంవత్సరం లెక్కలకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఆడిటర్ నింపే 3సీడీ ఫారాన్ని ఒకసారి చదివి చూడమని ప్రతి వ్యాపారికీ చెబుతాను. అందులో లాభం ఎంత అన్న ప్రశ్న కంటే ఎవరికిచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, నగదా చెక్కా, సరుకు ఎంత వచ్చి ఎంత పోయింది అన్న ప్రశ్నలే ఎక్కువ. కంప్యూటర్లో లెక్క ఎంత పొందిగ్గా ఉన్నా, ఈ ప్రశ్నలకు జవాబు మిల్లు గేటు దగ్గర, కాటా దగ్గర పుట్టాల్సిందే.

సరుకు లెక్కతో మొదలుపెడదాం. తయారీ వ్యాపారమైతే ముడిసరుకు ఎంత వాడారు, తయారైనది ఎంత, ఉప ఉత్పత్తులు ఎంత, దిగుబడి శాతం ఎంత అని ఫారం అడుగుతుంది. మన మిల్లులో ఏడాది మొదట 800 క్వింటాళ్ల ధాన్యం ఉంది. 20,000 క్వింటాళ్లు కొన్నారు. మార్చి 31 నాటికి 1,300 మిగిలింది. అంటే 19,500 క్వింటాళ్లు ఆడించారు. పుస్తకాల ప్రకారం నూకలతో కలిపి తయారైన బియ్యం 12,450 క్వింటాళ్లు. ఇది 64 శాతం కూడా లేదు. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే పచ్చి బియ్యానికి లెక్కగట్టే దిగుబడి 67 శాతం. ఆ కొలతతో చూస్తే ఈ మిల్లులో 13,065 క్వింటాళ్లు రావాలి. 615 క్వింటాళ్ల బియ్యం ఎటు పోయింది? పుస్తకాల్లోకి రాకుండా అమ్ముకున్నారా అన్న అనుమానం ఏ అధికారికైనా వస్తుంది.

యజమాని అమ్ముకోలేదు. అందులో సగం ధాన్యం కోతల సమయంలో 20 శాతం తేమతో వచ్చింది. దాన్ని 14 శాతానికి ఆరబెట్టాకే ఆడించారు. నూరు కిలోల తడి ధాన్యంలో గింజ పదార్థం 80 కిలోలు. తేమ 14 శాతానికి దిగాక ఆ 80 కిలోలే మొత్తంలో 86 శాతం అవుతాయి. అంటే నూరు కిలోలు 93 కిలోలకు దిగిపోతాయి. ఆ లెక్కన 9,750 క్వింటాళ్ల మీద తరుగు దాదాపు 680 క్వింటాళ్లు. అది తీసేసి చూస్తే దిగుబడి 66 శాతం దాటుతుంది, అనుమానానికి తావుండదు. కానీ ఈ మాట సెప్టెంబరులో నోటితో చెబితే చాలదు. లారీ వచ్చిన రోజున తేమ మీటరులో ఎంత చూపించిందో కాటా చీటీ మీదో, రిజిస్టరులోనో రాసి ఉండాలి. ఒక్క అంకె, రాయడానికి పది సెకన్లు. ఆ అంకె లేకపోతే 615 క్వింటాళ్లకు యజమాని దగ్గర సమాధానం ఉండదు.

సరుకు లెక్కలోనే మరో చిక్కు ఉంది. తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ చాలా మిల్లులు పౌర సరఫరాల శాఖ ధాన్యాన్ని కూలికి ఆడించి ఇస్తాయి. ఆ ధాన్యం మిల్లులో ఉన్నా మిల్లుది కాదు. దానికి వేరే రిజిస్టరు, వేరే బస్తాల వరుస లేకపోతే మార్చి 31 లెక్కలో రెండూ కలిసిపోతాయి. ఆ రోజు బస్తాలు లెక్కపెట్టి, లెక్కించిన వారి సంతకంతో కాగితం తయారు చేయాలి. ఆడిట్‌కు ముందు చేసే పనుల్లో నేను అన్నిటికంటే పెద్ద పీట వేసేది దీనికే. ఏప్రిల్ రెండో వారానికల్లా సరుకు మారిపోతుంది, మళ్లీ లెక్కపెట్టే వీలు ఉండదు. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంటే నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటును కూడా ఈ కాగితం పక్కన పెట్టి చూసుకోవాలి. ఎక్కువ అప్పు తీసుకునే వీలు కోసం బ్యాంకుకు 2,000 క్వింటాళ్లని చెప్పి, పన్ను లెక్కలో 1,300 చూపిస్తే మిగతా 700 క్వింటాళ్లు కొన్న డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. క్వింటాలు 2,200 చొప్పున అది 15 లక్షల 40 వేల రూపాయల ప్రశ్న.

ఇక నగదు. ఒకే మనిషికి ఒకే రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చును చట్టం ఒప్పుకోదు, మొత్తం ఆదాయంలో కలిపేస్తుంది. లారీ కిరాయిలకు ఈ హద్దు 35,000. అయితే పండించిన రైతుకే పంట డబ్బు ఇస్తే ఎంత నగదైనా మినహాయింపు ఉంది. ఇది మిల్లులకు పెద్ద ఊరట. కానీ ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ఊరి నుంచి ధాన్యం పోగుచేసి తెచ్చే మధ్యవర్తి రైతు కాదు. అతని దగ్గర కొని ఒకే రోజు 1,80,000 నగదుగా ఇస్తే ఆ మొత్తం ఆదాయానికి తోడవుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్న యజమానికి 54,000 పన్ను, పైన సెస్సు. ధాన్యానికి ఇచ్చిన డబ్బు నిజమే అయినా ఇంతే.

కాబట్టి రైతుకు నగదు ఇచ్చినప్పుడు అతను రైతేనని చూపే కాగితం అప్పుడే తీసుకోవాలి. పేరు, ఊరు, ఫోన్ నంబరు, పట్టాదారు పాసు పుస్తకం నకలు, కాటా చీటీ నంబరు, సంతకం లేదా వేలిముద్ర ఉన్న వోచరు సరిపోతాయి. కౌలు రైతు పేరు పాసు పుస్తకంలో ఉండదు గనుక కౌలు పత్రమో, ఊరి పెద్దల సంతకంతో ఒక చీటీయో పెట్టుకుంటే మంచిది. కౌలు రైతుల దగ్గర కొన్న ధాన్యానికి ఆధారం లేదనిపించుకోవడం అన్యాయమే. కానీ ఆధారం తెచ్చుకోవాల్సింది కొన్నవాడే.

హమాలీ ముఠాల విషయం కొంచెం వేరు. రోజుకు 24,000 ముఠా మేస్త్రి చేతికి ఇచ్చి, అతని పేరుతో ఒకే వోచరు రాస్తే అది 10,000 హద్దు దాటిన చెల్లింపుగా కనిపిస్తుంది. ఆ డబ్బు పదిహేను మందికి పంచినదైతే, ఎవరికి ఎంత ముట్టిందో సంతకాలతో హాజరు పట్టీ ఉండాలి. ఒకరికే ఇచ్చిన డబ్బును మూడు వోచర్లుగా చీల్చడం మాత్రం పనికిరాదు. హద్దు వోచరుకు కాదు, మనిషికీ రోజుకూ.

సీజన్లో బామ్మర్ది దగ్గర తెచ్చుకున్న చేబదులు కూడా ఆడిటర్ కంట పడుతుంది. 20,000 లేదా అంతకు మించి అప్పు నగదుగా తీసుకోకూడదు, తీర్చేటప్పుడూ నగదుగా తీర్చకూడదు. ఉల్లంఘిస్తే తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పడవచ్చు. అప్పులు బ్యాంకు ద్వారా నడిచి, ఏడాది చివర ఇచ్చినవారి పాన్ నంబరు, బాకీ ధ్రువీకరణ లేఖ ఉంటే ఈ భాగం పావుగంటలో తేలిపోతుంది.

చివరిది చిన్న సరఫరాదారుల బాకీ. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ లేదా సేవా సంస్థకు చెల్లించాల్సిన డబ్బు గడువులో ఇవ్వకపోతే, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా ఒప్పుకుంటారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ నియమం ఉంది. రాత ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులు, ఉంటే గరిష్ఠంగా 45. మన మిల్లు ఒక చిన్న కర్మాగారం నుంచి 2,40,000 రూపాయల సంచులు కొని మార్చి 5న దించుకుందనుకోండి. డబ్బు ఏప్రిల్ 10న ఇచ్చింది. ఒప్పందం లేకపోతే గడువు మార్చి 20తోనే అయిపోయింది. కాబట్టి ఆ 2,40,000 ఈ ఏడాది ఖర్చులోకి రాదు, మరుసటి ఏడాదికి పోతుంది. 45 రోజుల రాత ఒప్పందం ఉండి ఉంటే గడువు ఏప్రిల్ 19, ఇబ్బందే లేదు. ఒక పేజీ ఒప్పందం, సరుకు దించుకున్న తేదీ వేసిన రసీదు, అవతలివారి ఉద్యమ్ సర్టిఫికెట్ నకలు, ఈ మూడూ బిల్లుకు పిన్ను చేసి ఉంచాలి. సంచులు కొని అమ్మే వ్యాపారి విషయంలో ఈ నియమం వర్తించదు గనుక అమ్మినవారు తయారీదారో కాదో సర్టిఫికెట్‌లో చూడాలి.

ఇక మిగిలినవి ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. జీఎస్టీ రిటర్నులోని అమ్మకాలు పుస్తకాలతో కలవాలి, కలవకపోతే తేడాకు కారణం ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. పనివారి జీతంలో కోసిన పీఎఫ్ మాత్రం తదుపరి నెల 15లోగా కట్టారో లేదో చలానాలు చూసుకోండి. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ పనివారి వాటా యజమాని ఆదాయమవుతుందని, తర్వాత కట్టినా తిరిగి రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఏదైనా వోచరు నిజంగానే లేకపోతే ఆడిటర్‌కు లేదనే చెప్పండి. ఆ మాట నివేదికలో రాసేందుకు చోటు ఉంది. సెప్టెంబరులో కూర్చుని పాత తేదీతో రాసిన వోచరు మాత్రం సిరా రంగుతోనో, వరుస తప్పిన నంబరుతోనో బయటపడుతుంది, దాంతో పక్కన ఉన్న నిజమైన వోచర్ల మీద కూడా నమ్మకం పోతుంది. ఉన్న కాగితాలను ఆడిట్ అయిపోయాక కూడా పడేయకూడదు. లెక్కల పుస్తకాలను ఆ అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక కనీసం ఆరేళ్లు దాచాలి. వే-బ్రిడ్జిలో థర్మల్ కాగితం మీద వచ్చే చీటీలు అంతకాలం నిలవవు, అక్షరాలు మాసిపోతాయి. వాటిని ఆ వారంలోనే జిరాక్స్ తీయించి వోచరుకు జతచేయాలి.