పళ్ల సందు చూసి కొనండి: ఫ్లాస్, చిన్న బ్రష్, వాటర్ ఫ్లాసర్‌లో ఎవరికి ఏది?

నందిగామ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "వాటర్ ఫ్లాసర్ సేల్‌లో ఉంది, కొనొచ్చా?" ఒక్క మాటలో చెప్పలేను. ఎందుకంటే నేనూ సేల్‌లోనే కొన్నాను, అదీ మా నాన్న కోసం. వస్తువు మంచిదే, కానీ ఆయన నోటికి అది సరైంది కాదు. ఆ సంగతి మాకు తెలిసేలోపు మూడు నెలలు పోయాయి. అందుకే ఈరోజు మా ఇంట్లో జరిగిందే చెప్తాను, అందులోనే మీ సమాధానం కూడా ఉంటుంది.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. ఒక దవడ పన్ను తీసుకోండి. దానికి ఐదు వైపులుంటాయి: బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే పైభాగం, అటు పక్క పన్నుకి ఆనుకున్న వైపు, ఇటు పక్క పన్నుకి ఆనుకున్న వైపు. మామూలు బ్రష్ మొదటి మూడింటినే బాగా తోముతుంది. మిగతా రెండు వైపులా దాని కుచ్చు దూరదు. అక్కడ మిగిలేది అన్నం మెతుకో, మటన్ పీచో మాత్రమే కాదు. కంటికి సరిగ్గా కనపడని ఒక జిగట పొర ఉంటుంది, అదే పాచి. అది సూక్ష్మజీవుల పొర. దాన్ని అలాగే వదిలేస్తే లాలాజలంలో ఉన్న కాల్షియం పట్టి గట్టిపడి గార అవుతుంది. గారని ఇంట్లో దేంతోనూ తీయలేం, డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. సందులో ఇరుక్కున్న పీచు తీయడం ఒక పని, పన్నుకి అంటుకున్న పాచి తీయడం ఇంకో పని. మా నాన్న మొదటి పని రోజూ చేసేవారు. భోజనం అవ్వగానే చీపురు పుల్ల విరుచుకుని అరుగు మీద కూర్చునేవారు. పీచు వచ్చేది, పాచి మాత్రం అక్కడే ఉండేది. పైగా పుల్ల గుచ్చుకుని చిగురు చిట్లేది.

ఆయనకి యాభై ఆరేళ్లు, ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. తోముకుంటే రక్తం రావడం, పొద్దున్నే నోటి వాసన, కింద కుడి దవడ పన్ను కొంచెం కదలడం, ఇవన్నీ ఉన్నాయి. నేను రెండు మూడు వీడియోలు చూసి వాటర్ ఫ్లాసర్ ఆర్డర్ పెట్టేశాను. ఆయనకీ నచ్చింది, "ఇదేదో పొలానికి మందు కొట్టే స్ప్రేయర్‌లా ఉందే" అన్నారు. మూడు నెలలు వాడారు. నోరు ఫ్రెష్‌గా ఉందనేవారు గానీ రక్తం ఆగలేదు.

అప్పుడు ఇక్కడే ఒక పళ్ల డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ గీతలున్న సన్నటి కడ్డీతో పన్నుకీ చిగురుకీ మధ్య లోతు కొలిచారు. ఆరోగ్యంగా ఉన్న చిగురైతే మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. నాన్నకి చాలాచోట్ల ఐదు వచ్చింది. ఆ కదిలే పన్ను దగ్గర ఇంకా ఎక్కువ. అంటే లోపల పన్నుని పట్టుకుని ఉండే ఎముక కరిగిపోతోంది. షుగర్ అదుపులో లేకపోతే ఇది తొందరగా ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపు చేయడమూ కష్టమవుతుంది. ఆవిడ క్లీనింగ్ చేసి, చిన్న బ్రష్ ఒకటి తీసి ఆయన సందులో పెట్టి బయటికి లాగారు. పసుపుపచ్చగా జిగట పదార్థం వచ్చింది. "వాసన చూడండి" అన్నారు. నాన్న మొహం తిప్పేసుకున్నారు. మూడు నెలలు నీళ్లు కొట్టినా అది అక్కడే ఉంది.

ఎందుకలా? ఒక్కో పరికరం ఎలా పనిచేస్తుందో చూస్తే తెలుస్తుంది.

మొదటిది ఫ్లాస్. ఇది సన్నటి దారం. పళ్లు దగ్గర దగ్గరగా ఉండి, సందు నిండా చిగురు ఉన్నవాళ్లకి ఇదే సరైంది, ఎందుకంటే అక్కడ ఇంకేదీ దూరదు. ఇరవైల్లో ఉన్న మనలో చాలామంది ఈ లెక్కలోకే వస్తాం. సుమారు 45 సెంటీమీటర్ల దారం తీసుకుని రెండు చేతుల మధ్య వేళ్లకి చుట్టండి. బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని మధ్యలో రెండు సెంటీమీటర్లు మాత్రమే వదలండి. రంపం కోసినట్టు మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ సందులోకి దించండి. ఒక్కసారి టక్కున నొక్కితే చిగురు తెగుతుంది. దిగాక అసలు పని మొదలవుతుంది: దారాన్ని ఒక పన్నుకి హత్తుకునేలా వంచి, చిగురు అంచు కొంచెం లోపలి నుంచి పైకీ కిందికీ ఐదారుసార్లు రుద్దండి. తర్వాత అదే సందులో పక్క పన్నుకి కూడా అలాగే. చాలామంది దారం దించి వెంటనే తీసేస్తారు. అప్పుడు వచ్చేది పీచే, పాచి కాదు. 50 మీటర్ల డబ్బా రోజుకి ఒకసారి వాడితే మూడు నెలలు దాటి వస్తుంది, కాబట్టి ఖర్చు పెద్ద విషయం కాదు.

రెండోది సందుల్లో దూర్చే చిన్న బ్రష్. సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉంటుంది, సీసాలు కడిగే బ్రష్‌ని బుల్లిగా చేసినట్టు. చిగురు కిందికి దిగి, పళ్ల మధ్య నల్లటి త్రికోణం లాంటి ఖాళీ కనపడే వాళ్లకి ఇది. మా నాన్న లాంటి వాళ్లన్నమాట. చిగురు దిగితే పన్ను వేరు బయటపడుతుంది. వేరు పక్కభాగం చాలాచోట్ల నున్నగా ఉండదు, లోపలికి గాడి ఉంటుంది. కాలువ మీద తాడు బిగించి లాగితే తాడు గట్టుకి తగులుతుంది గానీ కాలువ అడుక్కి తగలదు కదా? గాడి మీద ఫ్లాస్ కూడా అంతే. బ్రష్ కుచ్చు గాడిలోకి దిగి రుద్దుతుంది. వాటర్ ఫ్లాసర్ నీళ్లు వదులుగా ఉన్నదాన్ని కొట్టుకుపోతాయి, కానీ జిగటగా అంటుకున్న పొర చాలావరకు అలాగే ఉంటుంది. జిడ్డు గిన్నె మీద పంపు నీళ్లు పెట్టినంత మాత్రాన జిడ్డు పోదు, పీచు పెట్టి రుద్దాలి.

చిన్న బ్రష్‌లో అందరూ తప్పు చేసేది సైజు దగ్గర. సందులోకి వెళ్లేటప్పుడు కుచ్చు రెండు పక్కలా కొంచెం ఒత్తుకోవాలి, మధ్య తీగ మాత్రం పన్నుకి రాసుకోకూడదు. తీగ వంగుతుంటే పెద్దదైంది. ఏమీ తగలకుండా వదులుగా ఆడుతుంటే చిన్నదైంది. ఒకే నోట్లో రెండు మూడు సైజులు పట్టొచ్చు. నాన్నకి ముందు పళ్లకి ఒకటి, వెనక దవడకి ఇంకొంచెం పెద్దది ఇచ్చారు. రంగుని నమ్ముకోకండి, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపు ఒకే సైజు కావు. ప్యాకెట్ మీద ఐఎస్ఓ సైజు అంకె ఉంటే అది చూడండి. అది 0 నుంచి మొదలై సందు పెరిగే కొద్దీ పెరుగుతుంది. పేస్ట్ అక్కర్లేదు. ఒక్కో సందులో మూడు నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, కడిగి ఆరబెట్టుకోవాలి. కుచ్చు చెదిరితే మార్చేయాలి. దూరని చోట బలవంతం చేయొద్దు, అక్కడ ఫ్లాస్ వాడండి.

మరి వాటర్ ఫ్లాసర్ వేస్టా? కాదు. ఆ మిషన్ ఇప్పుడు మా పిన్ని కూతురి దగ్గర ఉంది. ఇంటర్ చదువుతోంది, పళ్లకి క్లిప్పులు వేశారు. తీగ అడ్డం కాబట్టి మామూలుగా ఫ్లాస్ దించలేదు, ప్రతి సందుకీ దారాన్ని సూదిలాంటి దాంతో తీగ కింద నుంచి ఎక్కించాలి. హాస్టల్‌లో పొద్దున్నే అంత ఓపిక ఎవరికుంటుంది? తీగల చుట్టూ ఇరుక్కున్నది నీళ్లతో ఒక నిమిషంలో పోతుంది, రాత్రి మాత్రం తీగ కింద చిన్న బ్రష్ పెడుతుంది. చేతులు వణికే పెద్దవాళ్లకి, దారం పట్టుకోలేని వాళ్లకి కూడా ఇది ఉపయోగమే. గోరువెచ్చని నీళ్లు పోసి, తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టి, మొన చిగురు అంచుకి సూటిగా పెట్టి, సింక్ మీదికి వంగి పెదాలు కొంచెం తెరిచి ఉంచండి. లేకపోతే అద్దం అంతా కడిగేస్తారు, మా ఇంట్లో అదే అయింది.

మన ఏరియా వాళ్లకి ఇంకో మాట. జగ్గయ్యపేట వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి? నేలలో సున్నపురాయి ఉంది కాబట్టి. అందుకే చాలా బోర్ల నీళ్లు గట్టి నీళ్లు. వేడినీళ్ల రాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అదే ఫ్లాసర్ మొనలో కూడా కడుతుంది. మా దానికి రెండో నెలకే ధార సన్నబడి పక్కకి కొట్టడం మొదలైంది. మోటార్ పోయిందనుకున్నాం. మొన ఊడదీసి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే మళ్లీ మామూలైంది. అప్పటి నుంచి క్యాన్ నీళ్లే పోస్తున్నాం.

"ఇవన్నీ నిజంగా పనిచేస్తాయని రుజువుందా?" అని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. 2019లో కోక్రేన్ సంస్థ 35 పరీక్షల్ని కలిపి చూసింది. బ్రషింగ్‌కి తోడు ఫ్లాస్ గానీ చిన్న బ్రష్ గానీ వాడితే చిగుళ్ల వాపు తగ్గొచ్చు, చిన్న బ్రష్ ఫ్లాస్ కంటే మెరుగ్గా ఉండొచ్చు అని తేల్చింది. వాటర్ ఫ్లాసర్ విషయంలో వాపు కొంత తగ్గొచ్చు గానీ పాచి తగ్గినట్టు కనపడలేదు. అయితే ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం కొన్ని వారాలవే, రుజువు అంత గట్టిది కాదని వాళ్లే రాశారు. పళ్లు పుచ్చకుండా ఆపుతాయా అన్నది వాటితో తేలలేదు. కాబట్టి ఏ యాడ్ అయినా గ్యారంటీ అంటే నవ్వుకోండి.

ఇక రక్తం సంగతి. మొదలుపెట్టిన వారం రోజులు కొంచెం రక్తం వస్తుంది. భయపడి ఆపేయకండి, వాచిన చిగురు కాబట్టే వస్తోంది. రోజూ సరిగ్గా చేస్తే వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా వస్తుంటే లోపల గార ఉందని అనుకోవాలి, డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. సిగరెట్ తాగేవాళ్లు ఇంకా జాగ్రత్త. పొగాకు వల్ల చిగుళ్లలో రక్తస్రావం తగ్గి కనపడుతుంది, జబ్బు ఉన్నా రక్తం రాకపోవచ్చు. "నాకు రక్తం రాదు బ్రో" అని ధీమాగా ఉండొద్దు.

నాన్నకి మూడో వారానికి రక్తం దాదాపు ఆగింది. ఆ కదిలే పన్ను మాత్రం నిలవలేదు, తీసేశారు. పక్క రెండూ గట్టిగానే ఉన్నాయి. ఆ మూడు నెలలు ముందే వెళ్లుంటే అది ఉండేదేమో అని నేనంటే, డాక్టర్ అవునని గానీ కాదని గానీ అనలేదు. ఇప్పుడు అరుగు మీద చీపురు పుల్ల బదులు చిన్న బ్రష్ ఉంది, అద్దం కూడా.

మీరు ఈరోజు రాత్రి ఒక పని చేయండి. ఫోన్ టార్చ్ వేసుకుని అద్దం ముందు నిలబడి పళ్ల సందులు చూడండి. సందు నిండా చిగురుంటే ఫ్లాస్. ఖాళీ కనపడితే చిన్న బ్రష్. క్లిప్పులుంటేనో, చేతులు సహకరించకపోతేనో వాటర్ ఫ్లాసర్, అదీ మిగతా వాటికి తోడుగా. తర్వాత మీ అమ్మానాన్నలవి కూడా చూడండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. పన్ను కదులుతుంటే మాత్రం ఆన్‌లైన్‌లో ఏమీ ఆర్డర్ పెట్టకండి, ముందు డాక్టర్‌కి చూపించండి. డౌట్లుంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.