లింకు నొక్కితే తెరుచుకోవాలి

కంప్యూటర్ డిగ్రీ లేదు, కోచింగ్ సెంటర్ సర్టిఫికెట్టూ లేదు. వీడియోలు చూసి సొంతంగా వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్న బీకాం కుర్రాడు జూనియర్ డెవలపర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే రెజ్యూమెలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అతని పని చూపించాల్సింది కవర్ లెటరూ, అందులోని పోర్ట్‌ఫోలియో లింకూ.

చాలా లెటర్లు "హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ వచ్చు, కష్టపడి పనిచేస్తాను" అనే మాటతోనే సరిపెడతాయి. ఆ మాట అందరూ రాసేదే. చదివే టీమ్ లీడ్‌కి ఒక్క ప్రాజెక్టు గురించి వివరంగా చెబితే చాలు. మనవాడు పిన్ని టైలరింగ్ షాపుకి సైట్ చేశాడనుకుందాం. లెటర్‌లో ఇలా రాయొచ్చు:

"జాకెట్టు అయిందా అని షాపుకి రోజంతా ఫోన్లు వచ్చేవి. బిల్లు నంబరు కొడితే అయిందో లేదో చూపించే పేజీ చేశాను. మోడల్ ఫొటోలు ఒక్కోటి 4 ఎంబీ ఉండడంతో పేజీ ఫోన్లో నత్తనడక నడిచేది. కొలతలు తగ్గించి వెబ్‌పీలోకి మార్చాక ఒక్కోటి 150 కేబీకి దిగింది. పిన్ని ఇప్పటికీ వివరాలు గూగుల్ షీట్‌లోనే ఎక్కిస్తోంది, లాగిన్ పేజీ ఇంకా చేయలేదు."

ఆ చివరి వాక్యం తీసేయమనేవాళ్లు ఉంటారు. నేనైతే ఉంచమంటాను. ఏం మిగిలిందో తెలిసినవాడే ఆ పని నిజంగా చేసినవాడని చదివేవాళ్లకు తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పేజీ నేరుగా చదవడానికి ఆ షీట్‌ని అందరికీ తెరిచి పెట్టి, అందులోనే కస్టమర్ల ఫోన్ నంబర్లు కూడా ఉంచితే, తెలిసినవాడు రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. లెటర్ ఎంత బాగున్నా ఇక లాభం లేదు.

ఇక లింకు సంగతి. సొంత ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన ఫొటో గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాక మాయమవుతుంది. కోడ్‌లో ఇలా ఉంటుంది:

```html
<img src="images/Blouse.jpg">
```

ఫోల్డర్‌లోని ఫైలు పేరేమో `blouse.JPG`. విండోస్ సాధారణంగా పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. గిట్‌హబ్ పేజెస్ పట్టించుకుంటుంది, ఫైలు లేదంటుంది. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే 404 అని ఎర్రగా కనిపిస్తుంది. లెటర్ పంపే ముందు తన ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరేవాళ్ల ఫోన్లో, మొబైల్ డేటా మీద తెరిచి చూసుకోవాలి.

బ్యాకెండ్ ఉన్న ప్రాజెక్టుకి మరో చిక్కుంది. రెండర్ లాంటి చోట ఉచిత సర్వర్ 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది. మళ్లీ లేవడానికి నిమిషం దాకా పడుతుంది, అంతసేపు ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది? పోర్ట్‌ఫోలియో మొదటి పేజీని సర్వర్ అక్కర్లేని మామూలు పేజీగా ఉంచి, అలాంటి ప్రాజెక్టు లింకు పక్కన "మొదటిసారి తెరుచుకోవడానికి నిమిషం పట్టొచ్చు" అని రాసి, అది నడుస్తున్నప్పటి చిన్న వీడియో ఒకటి పెట్టాలి.